ఎనిమిదో తరగతి సైన్స్ పాఠాలకు పాత్రలతో వీడియోలు: స్క్రిప్టుకు ముందు చేయాల్సిన పని

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర సర్కారు హైస్కూల్. నేను, మా మ్యాథ్స్ సార్ కలిసి ఎనిమిదో తరగతి ఫిజికల్ సైన్స్ మొత్తం పాఠాల వారీగా వీడియోలు చేద్దామనుకుంటున్నం. అన్నిట్ల అదే ఇద్దరు పిల్లలు, ఒక పెద్దాయన ఉండాలని ఆలోచన. మొదటి పాఠం స్క్రిప్టు సగంల ఆగిపోయింది. పాత్రలు "బలం అంటే ఏమిటి?" అని అడుగుడు తప్ప ఏం చేస్తలేరు. దీన్ని ఎట్ల ప్లాన్ చెయ్యాలె?

సమాధానం:

పాత్రలను ముందు పుట్టించి తర్వాత వాళ్లకు పాఠం అప్పజెప్పినందువల్ల వచ్చిన చిక్కు ఇది. పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుగా ఆలోచిస్తారో ముందు పట్టుకుని, ఆ తప్పుల్లోంచి పాత్రలను తయారు చేయాలి. అప్పుడు వాళ్లకు ప్రతి పాఠంలో పని దొరుకుతుంది. "అంటే ఏమిటి?" అని అడిగే పాత్రకు తనదంటూ అభిప్రాయం ఉండదు. అభిప్రాయం లేనివాడు పందెం కాయడు, ఓడిపోడు, చూసే పిల్లకు వాడితో లంకె కుదరదు.

కాబట్టి స్క్రిప్టు పక్కన పెట్టి, పాఠ్యపుస్తకంతో ఒక వారం కూర్చోండి. పాఠం పేరు రాసి, దాని కింద ఆ పాఠం జవాబు చెప్పే ప్రశ్నలు రాయండి. పుస్తకంలోని ఉపశీర్షికలను ఎక్కించొద్దు, ప్రశ్నలే రాయాలి. "ఘర్షణను ప్రభావితం చేసే అంశాలు" అన్నది శీర్షిక. "అదే వస్తువును పండబెట్టి లాగితే ఎక్కువ బలం కావాలా, నిలబెట్టి లాగితేనా?" అన్నది ప్రశ్న. తర్వాత ఆ పాఠం ఇంకా వినని పదిమంది పిల్లలను, అంటే మీ ఏడో తరగతి వాళ్లను, ఒక్కొక్కరినీ విడిగా అడగండి. జవాబుతో పాటు "ఎందుకు?" అని కూడా అడిగి, వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాసుకోండి. గుంపుగా అడిగితే మొదటివాడు చెప్పిందే అందరూ చెబుతారు, ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఘర్షణ పాఠానికి ఇట్లా అడిగితే సాధారణంగా మూడు నమ్మకాలు బయటికి వస్తాయి. అంటుకునే జాగ ఎక్కువైతే ఘర్షణ ఎక్కువ. ఘర్షణ ఎప్పుడూ చెడ్డదే, కదలికను ఆపేదే. కదలని వస్తువు మీద ఘర్షణ ఉండదు. మూడూ తప్పే, కానీ మూడింటికీ పిల్లవాడి దగ్గర కారణం ఉంటుంది. ఆ కారణమే మీకు దొరికిన డైలాగ్.

ఇట్లా నాలుగైదు పాఠాలు చేశాక, తప్పులన్నీ కొన్ని రకాల ఆలోచనల నుంచే వస్తున్నాయని కనబడుతుంది. పాత్రలను అక్కడ కట్టండి. ఉదాహరణకు సైదులు అనే పిల్లవాడు ఒక్కసారి చూసినదాన్ని వెంటనే సూత్రం చేసేస్తాడు. స్వప్న దేన్నీ కొలవకుండా ఒప్పుకోదు, కానీ ఒక్కసారి కొలిచి అదే నిజమనుకుంటుంది. మోటారు మెకానిక్ యాదగిరి మామకు పని చేతుల్లో ఉంటుంది, కారణం మాటల్లో చెప్పరాదు. "గ్రీజు వెడితె ఘర్షణ పోతది" అంటాడు. పోదు, తగ్గుతుంది. ముగ్గురిలో ఎవరికీ పూర్తి జవాబు తెలియదని గమనించండి. అన్నీ తెలిసిన పెద్దాయనను పెట్టిన మరుక్షణం మిగతా ఇద్దరూ శ్రోతలైపోతారు. మీ స్క్రిప్టులో జరిగింది అదే అయి ఉంటుంది.

సిరీస్ మొత్తాన్ని నిలబెట్టే నియమం ఇది: పాత్ర అలవాటు ఎన్నటికీ మారదు, పాత్ర తప్పు నమ్మకం మాత్రం ఒక్కసారే వాడాలి. అంటుకునే జాగ గురించి సైదులు రెండో పాఠంలో నేర్చుకున్నాక, తొమ్మిదో పాఠంలో మళ్లీ అదే తప్పు మాట్లాడితే వరుసగా చూస్తున్న పిల్లకు ఒళ్లు మండుతుంది. కానీ ద్రవాల విద్యుత్ వాహకతలో వాడు ఉప్పునీళ్లలో బల్బు వెలగడం చూసి "నీళ్లన్నిట్ల కరెంటు పోతది" అంటే అది కొత్త తప్పు, పాత అలవాటు. దీనికోసం ఒక పట్టిక పెట్టుకోండి. అడ్డంగా ముగ్గురి పేర్లు, నిలువుగా వీడియోల నంబర్లు. ప్రతి గడిలో ఆ వీడియో అయ్యేసరికి ఆ మనిషికి కొత్తగా ఏం తెలిసిందో ఒక్క వాక్యం. కొత్త స్క్రిప్టు రాసే ముందు ఆ నిలువు వరుస పైనుంచి కిందికి చదవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లలు మీ వీడియోలను వరుసగా చూడరు. పరీక్ష ముందు రోజు "ఘర్షణ ఎనిమిదో తరగతి" అని వెతికి ఆ ఒక్కటే చూస్తారు. అందుకని పట్టిక మీకోసమే, ప్రతి వీడియో ఒంటరిగా అర్థం కావాలి. పాత వీడియోలో జరిగినదాన్ని గుర్తు చేయాల్సి వస్తే పది సెకన్లలో మొత్తం తిరిగి చెప్పండి: "మొన్న చెక్కను పండవెట్టి, నిలవెట్టి లాగినం, రెండుసార్లు ఒకే బలం వట్టింది గదా." చూసినవాళ్లకు అది జ్ఞాపకం, చూడనివాళ్లకు సమాచారం. "వచ్చే వీడియోలో చూద్దాం" అని మాత్రం నోటితో పలికించొద్దు. వరుస మారితే ఆ ఆడియో పనికిరాకుండా పోతుంది. పాఠం నంబరు, పేజీ నంబరు కూడా గొంతులో ఉండొద్దు. అవి టైటిల్లో, కింది వివరణలో ఉంటే పుస్తకం మారినప్పుడు రెండు నిమిషాల్లో దిద్దుకోవచ్చు.

ఇప్పుడు ఘర్షణ పాఠాన్నే ముక్కలు చేద్దాం. నాలుగు వీడియోలు చాలు. మొదటిది కదలని వస్తువు మీద ఘర్షణ. దీనికి మన దగ్గర తాటిచెట్టు మీద మోకు వేసుకుని నిలబడ్డ గీత కార్మికుడి కంటే మంచి బొమ్మ లేదు. మనిషి కదలడు, ఘర్షణ లేకపోతే కిందికి జారతాడు. రెండోది అంటుకునే జాగ, మూడోది బరువు, ఉపరితలం, నాలుగోది దొర్లడం, కందెన, బేరింగులు. గాలి, నీళ్లు కలిగించే నిరోధాన్ని నాలుగోదాని చివర రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు. ఒక్క వీడియోలో రెండు ప్రశ్నలు పెట్టాలనే ఆశ మాత్రం పుడుతుంది. పెడితే పదమూడు నిమిషాలవుతుంది, రెండో ప్రశ్న ఎవరూ చూడరు.

రెండో వీడియోను పూర్తిగా విప్పి చూపిస్తాను, మిగతావి ఇదే పద్ధతి. నిడివి ఏడు నిమిషాలు. సైన్స్ చెప్పే వేగంలో, ఆగాల్సిన చోట ఆగుతూ చదివితే నిమిషానికి తొంభై తెలుగు పదాలకు మించి పెట్టకండి. అంటే మాటలు ఆరువందల లోపు. స్క్రిప్టును గడియారం పెట్టుకుని బయటికి చదివి చూడండి, మనసులో చదివితే సమయం ఎప్పుడూ తక్కువే కనబడుతుంది.

మొదటి నలభై సెకన్లలో పందెం పడాలి. పలకరింపులు, "ఈరోజు మనం తెలుసుకోబోయేది" వద్దు. మామ షెడ్డులో బోరు మోటారు ఉన్న చెక్కపెట్టెను గోడ దగ్గరికి జరపాలి.

సైదులు: "పెట్టెను పక్కకు తిప్పి నిలవెట్టు మామా. కింద అంటుకునే జాగ సగమైతది, అల్కగ జరుగుతది."

స్వప్న: "ఎంత అల్కగ?"

సైదులు: "సగం జాగ, సగం బలం. గంతే."

మామ: "నేనైతె ఎప్పుడు పండవెట్టే లాగిన బిడ్డా, నిలవెడితె బోర్ల పడుతదని. బలం సంగతి ఎన్నడు చూడలె."

ఇక్కడ ఐదు సెకన్లు తెర మీద రెండు బొమ్మలు, "ఏది కష్టం?" అన్న మాట, అంతే. సంగీతం కూడా వద్దు. చూసే పిల్ల ఏదో ఒకవైపు మొగ్గాలి, అప్పుడే తర్వాతి మూడు నిమిషాలు ఆమెకు అవసరమవుతాయి.

తర్వాతిది ప్రయోగం, ఎక్కువ మంది వీడియోలు చెడేది ఇక్కడే. చాలామంది ఇటుకను తాడుతో కట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగుతారు. ఇటుకకు ఒకవైపు గుంట, ఒకవైపు నున్నన, అంచులు గరుకు. మూడు వైపులా మూడు రకాల ఉపరితలాలు కాబట్టి మూడు రకాల రీడింగులు వస్తాయి. జాగతో సంబంధం లేదని చెప్పాల్సిన వీడియో, సంబంధం ఉందని రుజువు చేసి పెడుతుంది. ఇటుక వదిలేసి వడ్రంగి దగ్గర 20 × 10 × 5 సెంటీమీటర్ల చెక్క దిమ్మ కోయించండి. టేకు అయితే దాదాపు 650 గ్రాములు ఉంటుంది. వెడల్పు ముఖానికి, పక్క ముఖానికి ఒకే రకం సాండ్ పేపర్ కొట్టించండి, రెండింటినీ దిమ్మ పొడవు దిశలోనే, అంటే చెక్క చార వెంబడే లాగండి. పండబెడితే అంటుకునేది 200 చదరపు సెంటీమీటర్లు, పక్కకు తిప్పితే 100. సరిగ్గా సగం, సైదులు పందెం లెక్కకు సరిపోతుంది. 10 × 5 ముఖం మీద నిలబెట్టొద్దు, కొంచెం కుదుపు తగిలినా పడిపోవచ్చు.

తాడును దిమ్మకు అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే, రెండుసార్లూ అదే ఎత్తులో కట్టాలి. తాడు దిమ్మ కింది చెక్క పలకకు సమాంతరంగా ఉండాలి. కొంచెం పైకి వాలినా దిమ్మను లేపినట్లయి నేల మీద ఒత్తిడి తగ్గుతుంది, రీడింగు పడిపోతుంది. చూసేవాళ్లకు కారణం కనబడదు.

ఇంకో ఇబ్బంది కెమెరాది. త్రాసును చేత్తో లాగుతుంటే ముల్లు అదురుతుంది, త్రాసూ కదులుతుంది, కెమెరా దాని వెంట పరుగెత్తాలి. దీనికి చక్కటి ఉపాయం, త్రాసును గోడ మేకుకు కట్టేసి, దిమ్మను దానికి తగిలించి, దిమ్మ కింది పలకను లాగడం. దిమ్మ, త్రాసు ఉన్నచోటే ఉంటాయి, పలక మాత్రం జారుతుంది. ఒకదాని మీద ఒకటి జారడమే ఘర్షణకు కావాలి, ఎవరు కదిలినా ఒకటే. ముల్లు స్థిరంగా నిలబడుతుంది, కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది, పలకను లాగే వేగం కొంచెం అటూఇటూ అయినా రీడింగు పెద్దగా మారదు. పలక మీటరు పొడవుంటే ఐదారు సెకన్లు ముల్లును తీరిగ్గా చూపించొచ్చు. పలక కదలబోయే క్షణంలో ముల్లు ఒకసారి పైకి వెళ్లి కొంచెం దిగి నిలుస్తుంది. పైకి వెళ్లింది కదలకముందు ఉండే స్థైతిక ఘర్షణ గరిష్ఠ విలువ, నిలిచింది జారుడు ఘర్షణ. ఈ షాటును దాచుకోండి, మొదటి వీడియోకు కూడా పనికొస్తుంది.

అర కిలో త్రాసు చాలు, రీడింగు 200 నుంచి 300 గ్రాముల మధ్య ఎక్కడో వస్తుంది. పుస్తకం న్యూటన్లలో మాట్లాడుతుంది కాబట్టి తెర మూలలో "100 గ్రాముల బరువు, దాదాపు 1 న్యూటన్" అని ఉంచండి. రెండు ముఖాలకూ రీడింగు అచ్చు గుద్దినట్లు ఒకటే రాదు, పది ఇరవై గ్రాముల తేడా ఉంటుంది. దాన్ని ఎడిటింగులో కప్పొద్దు. స్వప్న అలవాటు ఇక్కడే పనిచేస్తుంది. ఒక్కసారి కొలిచి "తేడా ఉంది గదా" అంటుంది, మామ "ఇంకోసారి చూడు బిడ్డా" అంటాడు. ఐదేసిసార్లు కొలిస్తే రెండు వరుసల అంకెలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పండబెట్టినప్పుడు 250 వచ్చిందనుకుంటే, సగం అయితే 125 రావాలి, ఒక్కసారి కూడా రాలేదు. సైదులు ఓడింది ఆ అంకె దగ్గర. కారణం చెప్పడానికి నలభై సెకన్లు సరిపోతాయి: జాగ సగమైతే, ఉన్న జాగలో ప్రతి చిన్న ముక్క మీద బరువు రెట్టింపు ఒత్తుతుంది, మొత్తం అంతే.

ఈ వీడియోలో వాడకూడని ఉదాహరణ బండి టైరు. "వెడల్పు టైరుకు పట్టు ఎక్కువ గదా" అని పిల్లలు తప్పక అడుగుతారు, స్క్రిప్టులో పెట్టాలని మీకూ అనిపిస్తుంది. కానీ జాగతో సంబంధం లేదన్న నియమం గట్టిగా, పొడిగా ఉన్న తలాలకు బాగా వర్తిస్తుంది. రబ్బరు ఒత్తుకుపోయి సాగుతుంది, దానికి ఈ నియమం సరిగ్గా కుదరదు. ఎనిమిదో తరగతిలో ఆ చర్చ తెరిస్తే మూయలేరు. ఏ పాఠానికైనా మొదట దొరికిన ఊరి ఉదాహరణ నియమాన్ని నిజంగా పాటిస్తుందో లేదో ఒకసారి చూసుకోవాలి.

చివరి నిమిషంలో పాత్రలు ఉండవు. తెర మీద పరీక్షలో రాయాల్సిన మాట, పుస్తకంలోని పదాలతో, నెమ్మదిగా. దీన్ని వేరే ఫైలుగా చేసి చివర అతికించండి. పాఠ్యపుస్తకం మారినా, నిర్వచనం వాక్యం మారినా ఆ నిమిషం ఒక్కటే మళ్లీ చేస్తే సరిపోతుంది. 2022–23 నుంచి మన సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి. కాబట్టి ఈ నిమిషంలో ఘర్షణ, ఫ్రిక్షన్ రెండూ పక్కపక్కన రాయండి. పుస్తకంలోని బొమ్మలను ఫోటో తీసి వాడొద్దు, అవి మీవి కావు. మీ దిమ్మ, మీ పలక ఉన్నాయి కదా.

యాస గురించి ఒక మాట. ముగ్గురూ మన మాటే మాట్లాడాలి. సైదులు తెలంగాణలో, స్వప్న పుస్తక భాషలో మాట్లాడితే, తప్పు చెప్పేవాడికి యాస, ఒప్పు చెప్పేదానికి గ్రాంథికం అన్న పాఠం కూడా పిల్లలకు అందుతుంది. సినిమాలు ఆ పని చాలాకాలం చేశాయి, మనకు వద్దు. పారిభాషిక పదాలు మాత్రం ముగ్గురూ పుస్తకంలో ఉన్నట్లే పలకాలి, పలికిన ప్రతిసారీ ఆ పదం తెర మీద పడాలి.

పిల్లలను నటులుగా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. పదమూడేళ్ల అబ్బాయి జూన్‌లో ఒక గొంతు, జనవరిలో ఇంకో గొంతు, పైగా రెండు అంగుళాలు పెరిగి ఉండొచ్చు. బొమ్మల పాత్రలు, ప్రయోగాలకు నిజమైన చేతులు, ఈ కలయిక ఇద్దరు టీచర్లకు మోయగల బరువు. సైదులు గొంతు ఒక పెద్దావిడతో చెప్పించండి, అది ఏళ్ల తరబడి మారదు. ఒక్కో పాత్రకు ముప్పై సెకన్ల నమూనా రికార్డు చేసి ఉంచుకుని, ప్రతిసారి మైకు ముందు కూర్చోగానే మొదట అది వినాలి. లేకపోతే వీడియో వీడియోకు గొంతు సన్నబడుతూ పోతుంది, వరుసగా వింటే తప్ప తెలియదు. నోటి ఆకారాలు ఆరు గీయిస్తే తెలుగుకు చాలు: మూసినది, కొంచెం తెరిచినది, ఆ, ఈ, ఓ, ఇంకా కింది పెదవి పళ్లకు తాకే వ. నేపథ్యాలు మూడు: షెడ్డు, బడి వరండా, మిద్దె.

మిద్దె ఎందుకంటే నక్షత్రాలు, సౌరకుటుంబం పాఠం ఉంది. పైలట్ వీడియో మొదటి పాఠంతో చేయకండి. పాత్రలకు చేతినిండా పని ఉన్న ఘర్షణతో ఒకటి, ముట్టుకోవడానికి ఏమీ లేని నక్షత్రాలతో ఒకటి, రెండు చేసి చూడండి. మెకానిక్ మామకు ఘర్షణలో బేరింగులున్నాయి, నేలబొగ్గు, పెట్రోలియంలో డీజిల్ ఉంది. నక్షత్రాల్లో ఏముంది? స్వప్న కర్ర పాతి గంటగంటకూ నీడ కొలవగలదు. మామ ఒకప్పుడు రాత్రి కరెంటు వచ్చే వేళ పొలానికి పోయి మోటారు వేసిన మనిషిగా, ఏ చుక్క ఎప్పుడు ఎక్కడుంటుందో కంటితో తెలిసినవాడిగా నిలబడితే సరే. నిలబడకపోతే ఇప్పుడే ఆయన వృత్తి మార్చండి, పది వీడియోలు బయటికి వెళ్లాక మార్చలేరు. ఆ రెండు వీడియోలను మొదట ప్రశ్నలు అడిగిన పదిమందికి కాక వేరే పిల్లలకు చూపించి, ఒక రోజు ఆగి అదే ప్రశ్న అడగండి. సైదులు చేసిన తమాషా గుర్తుండి జవాబు గుర్తు లేకపోతే, హాస్యం పందెం దగ్గర కాకుండా దాని పక్కన పెట్టారని అర్థం.

లెక్క చివరికి ఇట్లా తేలుతుంది. పన్నెండు పాఠాలు, పాఠానికి మూడు నాలుగు వీడియోల చొప్పున నలభై. ఇద్దరు మనుషులు సెలవు రోజుల్లో వారానికి ఒకటి చేసినా నలభై వారాలు, అంటే దాదాపు మొత్తం విద్యాసంవత్సరం. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరిచే నాటికి చేతిలో ఏమీ లేకుండా మొదలుపెడితే, దసరా నాటికి తరగతి మీకంటే ముందుకు వెళ్లిపోతుంది, బడిలో అయిపోయిన పాఠానికి మీరు వీడియో పెడుతుంటారు. అందుకని మొదటి ఏడాది ఆరు పాఠాలే తీసుకోండి: బలం, ఘర్షణ, ధ్వని, కాంతి పరావర్తనం, ద్రవాల విద్యుత్ వాహకత, నక్షత్రాలు. మొదటి రెండు ఎండాకాలం సెలవుల్లోనే పూర్తిగా ముగించి పెట్టుకోండి. షూటింగ్ పాఠాల వరుసలో కాక సామాను వరుసలో చేయండి. దిమ్మ, పలక, త్రాసు బల్ల మీద ఉన్న రోజే బలం పాఠానికీ, ఘర్షణ నాలుగు వీడియోలకూ కావాల్సిన చేతుల షాట్లన్నీ తీసేయండి. అదే వెలుతురు, అదే బల్ల, అవే చేతులు. మళ్లీ రెండు నెలల తర్వాత సర్దితే గాజుల రంగు కూడా కలవదు.